బావగారు పైనుంచి చూసినవి

మా బావగారు చనిపోయి తిరిగొచ్చినప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ భయపడినవాడు మా ఆయన. చనిపోవడం గురించి కాదు, తిరిగి రావడం గురించి. ప్రాణం పోయిన ఆ కాసేపూ బావగారు ఆసుపత్రి పైకప్పు దగ్గర తేలుతూ, కింద ఎవరు ఏడుస్తున్నారో ఎవరు ఏడవడం లేదో అంతా చూశారట.

బావగారంటే మా ఆయనకి అన్నగారు. రాయగడలో చింతపండు, పసుపు, అల్లం టోకున అమ్ముతారు. తాతల కాలంలో విజయనగరం వైపు నుంచి ఒడిశాకి వచ్చి, మొదట పొట్టంగిలో, తర్వాత ఇక్కడ స్థిరపడిన కుటుంబం. నేను అదే ఊళ్లో ఒక కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను. అందుకని ఇంట్లో ఎవరికి తుమ్ము వచ్చినా నా అభిప్రాయం అడుగుతారు. అడిగి, పాటించరు.

ఆ రోజు బంధువులమ్మాయి నిశ్చితార్థానికి అందరం కొరాపుట్ వెళ్లాం. భోజనాల దగ్గర బావగారికి ఛాతీలో పట్టేసినట్టయింది, ఎడమ చెయ్యి లాగింది, చొక్కా చెమటతో తడిసింది. మా కుటుంబంలో గుండెనొప్పులు రావు, గ్యాస్ వస్తుంది. మా మామగారు కూడా గ్యాస్‌తోనే పోయారని ఇప్పటికీ చెప్పుకుంటారు. కాబట్టి సోడాలో ఉప్పు కలిపి ఇచ్చారు. ఒకరు వామన్నారు, ఒకరు ఇంగువన్నారు. నేను ఆసుపత్రి అన్నాను, ఎవరూ వినలేదు. చివరికి బావగారి భార్య, మా అక్క, ఆయన చేతిలోని సోడా గ్లాసు లాక్కుని కారెక్కించింది. తోటికోడలినే నేను అక్క అంటాను.

పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో ఛాతీకి తీగలు తగిలిస్తుండగా ఆయన “నాకిప్పుడు బాగానే ఉంది” అని చెప్పి, మాట పూర్తయ్యీ అవకుండానే కళ్లు తేలేశారు. గుండె కొట్టుకోవడం మానేసి వణకడం మొదలుపెట్టింది. వణికే గుండె రక్తాన్ని తొయ్యలేదు. రక్తం అందకపోతే మెదడుకి కొన్ని క్షణాల్లోనే స్పృహ పోతుంది. ఇది నేను ఏటేటా పిల్లలకి చెప్పే పాఠమే. తలుపుకున్న గుండ్రటి అద్దంలోంచి చూస్తున్నప్పుడు మాత్రం అందులో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ఒక యువ డాక్టరు మంచం పక్కన ముక్కాలిపీట ఎక్కి, మోచేతులు వంచకుండా, బావగారి రొమ్ము మీద లెక్కపెట్టుకుంటూ నొక్కుతున్నాడు. నర్సు ముక్కూ నోరూ మూసే మాస్కు పెట్టి సంచీతో గాలి కొడుతోంది. అందరినీ జరగమని కరెంటు షాకిచ్చారు. మళ్లీ నొక్కారు. మళ్లీ షాకిచ్చారు. గుండె దారిలో పడింది.

ఈ లోపల వరండా నిండా పట్టుచీరలూ జరీపంచెలూ. అత్తగారు బెంచీ మీద కూచుని విష్ణుసహస్రనామం అందుకుంది. మా ఆయన గోడ పక్కన నిలబడి ఫోను చూస్తున్నాడు. అక్క ఎటుపోయిందో ఆ గందరగోళంలో నేను చూడలేదు.

తర్వాత నోట్లో గొట్టం, మత్తుమందులు, ఐసీయూ. గొట్టం తీశాక, లోపలికి ఒక్కొక్కరినే పంపుతుంటే నేనూ వెళ్లాను. గొంతు గీరుకుపోయి ఉంది, నొక్కుడుకి పక్కటెముకలు చిట్లి ఊపిరి తీస్తే నొప్పి. అయినా నన్ను వంగమని సైగ చేసి చెప్పారు. “సీకటి సందులాగుంది అమ్మీ. ఆ సివర్న ఎలుగు. కళ్లకి గుచ్చుకోదు. నొప్పి నేదు, బయం నేదు.” అంతే. ఇంకేమైనా ఉందా అని అడిగితే కళ్లు మూసుకున్నారు.

అది మొదటి ముద్రణ. వార్డుకి మార్చాక సవరించి, విస్తరించిన ముద్రణలు వెలువడ్డాయి. పలకరించడానికి వచ్చినవాళ్లు ఆపిల్ పళ్లతోపాటు ప్రశ్నలూ తెచ్చారు. ఒంట్లోంచి బయటికొచ్చారా అని ఒకరడిగితే సాయంత్రానికి వచ్చేశారు. చనిపోయిన పెద్దవాళ్లు కనిపించారా అని ఇంకొకరడిగితే మర్నాటికి మామగారు తెల్లపంచెలో నిలబడి చెయ్యి ఊపారు. జీవితమంతా కళ్లముందు తిరిగిందా అంటే తిరిగింది, పొట్టంగి సంతలో చిన్నప్పుడు తప్పిపోయిన రోజుతో సహా. ఒక గీత, ఆ గీత దాటితే రాకూడదని ఒక గొంతు, ‘నీ పని ఇంకా మిగిలి ఉంది’ అని ఒక ఆజ్ఞ. ఫోనులో ఇలాంటి వీడియోలు వందలున్నాయి. మంచం పక్కన కూర్చున్న మేనల్లుళ్లు ఆయనకి వాటినే చూపిస్తున్నారు. ఆయన చూసి “ఇదే, ఇదే” అనేవారు. చూశాక గుర్తొచ్చిందో, గుర్తొచ్చాక చూశారో ఇక ఎవరూ తేల్చలేరు.

డాక్టర్ని అడిగాను. ఒడియా అబ్బాయి, హిందీలో మాట్లాడాడు, పాఠం చెప్పే అవకాశం దొరికినందుకు సంతోషించాడు. కంటి రెటీనాకి రక్తం తగ్గితే అంచుల చూపు ముందు పోతుందట, మధ్యది మిగులుతుంది, అదే సొరంగం. చెవి వెనకగా, మెదడులో పక్కభాగమూ పైభాగమూ కలిసే చోట ఒళ్లు ఎక్కడుందో లెక్కకట్టే కేంద్రం ఉంటుంది. అది తడబడితే మనిషికి తన ఒళ్లు కింద, తాను పైన ఉన్నట్టుంటుంది. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరగడం, మెదడు తనకు తానే నొప్పి మరిపించే రసాయనాలు వదలడం, మేలుకున్నవాడిలోకి కలల నిద్ర చొరబడటం కూడా ఉండొచ్చు. గొట్టం వేసేటప్పుడు ఇచ్చే మత్తుమందుల్లో కొన్ని అచ్చం ఇలాంటివే చూపిస్తాయి. పోతున్న మెదడులో చివరికి ఒక్కసారి విద్యుత్తు ఎగసినట్టు కొందరి రికార్డుల్లో కనిపించిందని కూడా చెప్పాడు. అన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి, ఇక సందేహమేముంది అన్నట్టు చూశాడు.

ఒక్క అనుభవానికి ఇన్ని కారణాలెందుకని అడిగాను. ఒకటి సరిపోతే మిగతావి అక్కర్లేదు కదా. అతను పెన్ను మూత పెట్టి, తీసి, నిజానికి ఏది ఎంతో ఎవరికీ తెలియదన్నాడు. గుండె ఆగి బతికినవాళ్లలో ఎక్కువమందికి అసలేమీ గుర్తుండదు. గుర్తున్న కొద్దిమందీ అది ఎప్పుడు చూశారో కూడా చెప్పలేం. మెదడు ఆరిపోతున్నప్పుడా, మళ్లీ వెలుగుతున్నప్పుడా, ఐసీయూలో కలవరిస్తున్నప్పుడా? రొమ్ము నొక్కుతున్నంతసేపూ మెదడుకి కొంత రక్తం అందుతూనే ఉంటుంది, చెవులు కొంత వినొచ్చు. విన్నదానికి మెదడు బొమ్మ గీసుకోవచ్చు. కొన్ని ఆసుపత్రుల్లో పైనుంచి చూస్తే తప్ప కనిపించని చోట, అల్మారాల మీద బొమ్మలు పెట్టి పరీక్షించారట. తేలినవాళ్లెవరూ ఆ బొమ్మని స్పష్టంగా చెప్పింది ఇంతవరకూ లేదట.

నేను ఆ పరీక్ష వార్డులోనే పెట్టేశాను. “బావగారూ, ఆ గదిలో అల్మారా మీద ఏముంది?” అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, “దుమ్ము” అన్నారు. ఆ సమాధానాన్ని ఏ విజ్ఞానశాస్త్రమూ కొట్టిపారెయ్యలేదు.

రాయగడ తిరిగొచ్చాక దుకాణానికి ఎన్నడూ లేనంత మంది రావడం మొదలైంది. బావగారు పుట్టు వ్యాపారి. ఏ ఖాతాదారుకి ఏ సరుకు కావాలో ముఖం చూసి చెప్పగలరు. కొల్నార నుంచి వచ్చే క్రైస్తవ చిల్లర వ్యాపారి, ఆ వెలుగులో ఉన్నది ప్రభువే కదా అంటే, ఆయన తెల్లటి అంగీ వేసుకున్న మాట నిజమేనన్నారు. అల్లం తెచ్చే కొండప్రాంతపు దేశియా రైతు చనిపోయినవాళ్లని డుమా అంటాడు, అతనితో, మామగారి డుమా ఆకలితో ఉన్నట్టే కనిపించిందని అన్నారు. వైష్ణవుడి కోసం ఆ వెలుగుకి నీలిరంగు తగిలించారు. వెలుగొక్కటే, కట్టే పొట్లాలు వేరు. నేను నవ్వేదాన్ని. తర్వాత చదువుకుంటే తెలిసింది, ప్రపంచమంతటా ఇదే వరస అట. వెలుగు చూసినవాళ్లు చాలామందే, ఆ వెలుగుకి పేరు మాత్రం ఎవరి ఇంటి గోడ మీది పటంలోంచి వాళ్లు తీసుకుంటారు.

ఈ వ్యాపారానికి ఇంట్లోనే ఒక పోటీ దుకాణం ఉంది. మా అత్తగారు కూడా ఒకసారి చనిపోయింది.

కొత్తకోడలిగా పొట్టంగిలో ఉన్న రోజుల్లో మెదడుకెక్కిన మలేరియా వచ్చిందట. పోయిందనుకుని మంచం మీంచి దింపి చాప మీద పడుకోబెట్టేశారు. నల్లటి ఇద్దరు మనుషులు వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. ఎర్రమట్టి దారి, చివర్న ఒక కచేరీ, పెద్ద పుస్తకం ముందేసుకున్న గుమస్తా. అతను పేరడిగి, పుస్తకం చూసి, ఆ ఇద్దర్నీ చెడతిట్టాడు. రావలసింది ఇదే పేరుగల వెనకవీధి మనిషట. అత్తగారిని అక్కడినుంచి తోసేశారు, చాప మీద పడి మేలుకుంది. వెనకవీధి మనిషి ఆ రోజే పోయిందని అత్తగారు చెబుతుంది. మరుసటేడు పోయిందని అత్తగారి ఆడపడుచు చెబుతుంది. ఆడపడుచు మాట ఆ ఇంట్లో ఏనాడూ చెల్లలేదు కాబట్టి ఆ రోజే పోయింది. మన దేశంలో పాతకాలపు మనుషులు చెప్పే చావులు చాలావరకూ ఇలాగే ఉంటాయి. సొరంగాలుండవు, కార్యాలయం ఉంటుంది, అందులో పొరపాటు జరుగుతుంది. ఒడిశాలో తహసీలు ఆఫీసుకి పనిమీద వెళ్లినవాళ్లెవరికీ ఇది అసంభవం అనిపించదు.

కొడుకు చావు అత్తగారికి నచ్చలేదు. “ఆ ఎలుగేటి, ఆ సందేటి? ఎవుడూ పేరైనా అడగనేదా? పేరడక్కుండా లోపలికెలా రానిచ్చేరు, బయటికెలా పంపేరు?” అని నిలదీసేది. బావగారు ఓపిగ్గా, ఇప్పుడు అలా లేదమ్మా అనేవారు, అక్కడ కూడా ఏదో కంప్యూటర్లు పెట్టినట్టు.

ఇదంతా వినోదమే. నవ్వు ఆగిపోయింది ఏడుపుల పట్టిక దగ్గర. మొదట ఒకసారి, భోజనాల దగ్గర, పైనుంచి చూస్తే తమ్ముడు గోడకి ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడని బావగారు అన్నారు. మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది, ఎందుకంటే అది నిజం. ఇల్లంతా నా వైపు చూసింది, ఇప్పుడేమంటావు జీవశాస్త్రమా అన్నట్టు. నేననుకున్నది ఒకటే. ఈ రోజుల్లో ఆసుపత్రి వరండాలో ఒక మనిషి ఫోను చూస్తున్నాడని చెప్పడానికి ఒంట్లోంచి బయటికి రావలసిన పనిలేదు, కళ్లు మూసుకుని చెప్పినా గురి తప్పదు. అయినా ఆ దెబ్బతో నమ్మకం కుదిరిపోయింది. పినమామగారు ఏడవలేదని బావగారు అంటే, పినమామగారి నుంచి పళ్లబుట్ట వచ్చింది. ఒక మేనత్త ఏడుపు నటన అన్నారు, ఆవిడ వచ్చి మళ్లీ ఏడ్చి వెళ్లింది. మా ఆయనైతే అన్నగారికి మాత్రలు తానే వేళకి అందించేవాడు, ఫోను పక్కగదిలో పెట్టి మరీ.

అక్క విషయంలో మాత్రం బావగారు ఉదారంగా ఉండేవారు. అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆవిడేనట. తన కాళ్ల మీద పడి దొర్లి దొర్లి ఏడ్చిందట, ఆ ఏడుపే తాడు వేసి లాగినట్టు వెనక్కి లాగిందట. అద్దంలోంచి నాకు మంచం తలవైపే కనిపించింది కాబట్టి, కాళ్ల దగ్గర ఎవరున్నారో నేను చెప్పలేను. కథ చివర ఆ ముక్క వచ్చేసరికి వినేవాళ్లు ముక్కులు తుడుచుకునేవారు. అక్క వంటింట్లోకి వెళ్లిపోయేది. సిగ్గనుకున్నాం.

కబురు ఒక స్వామీజీ దాకా వెళ్లింది. ఊళ్లో తెలుగువాళ్లు కలిసి ఒక ఆదివారం పొద్దున్న కల్యాణమంటపంలో సభ పెట్టారు. స్వామీజీ ముందు శాస్త్రం చెప్పారు. స్థూలశరీరం, సూక్ష్మశరీరం, కారణశరీరం. చైతన్యం మెదడులో పుట్టేది కాదు, రేడియోలో పాట పుట్టనట్టే. పెట్టె పాడైనా పాట ఎక్కడికీ పోదు. గుండె ఆగినవాడు చూశాడంటే చూసేవాడు గుండె కాదనేగా అర్థం అన్నారు. చక్కగా చెప్పారు, ఒప్పుకోవాలి. డాక్టరు లెక్కపెట్టిన కారణాలు ఒకదానికొకటి అతకవు, ఈయన చెప్పిన ఒకే కారణానికి దేన్నయినా అతికించొచ్చు. మెదడుకి దెబ్బ తగిలితే మనిషే మారిపోతాడు కదా, పెట్టెని సుత్తితో కొడితే పాట మారిపోతుందా అని అడగాలనిపించింది. ప్రసాదం పులిహోర కావడంతో ఊరుకున్నాను.

బావగారు మైకు అందుకున్నారు. సందు, వెలుగు, మామగారు, గీత, ఆజ్ఞ అన్నీ వరసగా వచ్చాయి. మధ్యలో ముందువరసలోంచి అత్తగారు “పేరడగనేదు సూసేరా” అని పక్కావిడకి వినిపించేంత గట్టిగా అంది. ఆఖరికి భార్య ఏడుపు. సభ కరిగిపోయింది. స్వామీజీ కళ్లొత్తుకుని, సావిత్రిలాంటి ఆ తల్లి వేదిక మీదికి వచ్చి నాలుగు మాటలు చెప్పాలన్నారు. అక్క రానంది. ఆడవాళ్లు లేపి, తోసి, పంపించారు.

మైకు ముందు అక్క చీర కొంగు సర్దుకుంది. ఆవిడ గొంతు పెద్దది కాదు, కానీ మైకు మంచిది.

“నానప్పుడు అక్కడ లేనండి. ఇంజెక్షను తెమ్మని నర్సమ్మ సీటీ ఇస్తే కింద మందుల సాపుకి పరిగెట్టేను. నానొచ్చీసరికే ఈయనకి గుండె ఆడతన్నాది.”

చెప్పి దిగిపోయింది. ఏ తప్పూ పట్టినట్టు కాదు, అడిగారు కాబట్టి చెప్పినట్టు. స్వామీజీ రెండు క్షణాల్లో తేరుకున్నారు. శరీరం మందుల దుకాణానికి వెళ్లింది, ఆత్మ భర్త పాదాల దగ్గరే ఉంది అన్నారు. చప్పట్లు కొట్టారు. బావగారు కొట్టలేదు.

ఇంటికొచ్చాక ఆయన భోజనానికి లేవలేదు. మధ్యాహ్నం వెనక వరండాలో అక్కా నేనూ చింతపండులో గింజలు తీస్తుంటే వచ్చి మెట్టు మీద కూచున్నారు. నేను లేవబోతే ఉండమన్నారు. మొదటిరోజు నాతో చెప్పిందే మళ్లీ చెప్పారు. సందు, వెలుగు, నొప్పి లేకపోవడం. మిగతాదంతా తర్వాత చేరిందన్నారు. కావాలని అబద్ధం చెప్పలేదట, చెబుతూ పోతే ఏది చూసిందో ఏది విన్నదో తనకే కలిసిపోయిందట. కానీ ఏడుపుల సంగతి మాత్రం కావాలనే అన్నారట.

ఎందుకని నేనే అడిగాను.

“అక్కడున్నప్పుడు నాకెవులూ గుర్తు రానేదు,” అన్నారాయన, అక్క వైపు చూపించి. “ఇది గుర్తు రానేదు, పిల్లలు రానేదు, సాపు రానేదు. ఎనక్కి రావాలనిపించనేదు. లాగితే కోపమొచ్చింది నాకు. ముప్పయ్యేళ్లు కాపురం సేసి, అలగ ఎల్లిపోదుమనుకున్నానని ఇంట్లో ఏటని సెప్తాను? అందుకని అందర్నీ సూసినట్టు సెప్పేను.”

పుస్తకాల్లో ఇది కూడా ఉంది. తిరిగి రావాలనిపించకపోవడం చాలామంది చెప్పే మాటే. ఇంత ప్రశాంతత దేనివల్లో డాక్టరు దగ్గర ఒక పేరుంది, స్వామీజీ దగ్గర ఇంకో పేరుంది. ఆ ప్రశాంతతని మోసుకుని ఇంటికొచ్చినవాడు భార్య మొహం ఎలా చూడాలో ఇద్దరూ చెప్పలేదు. అన్ని రోజులూ ఆయన్ని చూసి నేను నవ్విన నవ్వు సరైనదే, కానీ తప్పు చోట నవ్వాను.

అక్క చేతులు ఆపలేదు. ఇంకో నాలుగు గింజలు తీశాక అడిగింది.

“మరి నిజంగానే నొప్పి నేదా?”

“నేదు.”

“కొంచెం కూడా?”

“ఆ ముందర ఉన్నాది. తర్వాత నేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలీదు.”

అక్క వాళ్లమ్మ కిందటేడు గుండె ఆగే పోయింది, బిస్సమ్ కటక్‌లో, ఇంట్లో ఎవరూ లేని సమయంలో. ఆవిడ ఒంటరిగా ఎంత బాధపడి ఉంటుందోనని అక్క పైకి అనుకోగా నేనెప్పుడూ వినలేదు. ఇప్పుడు మొగుడి వైపు తిరిగి అడిగింది.

“మా అమ్మకి కూడా అలగే ఉండుంటాదేటి?”

బావగారు నా వైపు చూశారు. ఎక్కువమందికి ఏమీ గుర్తుండదని, గుర్తున్నవాళ్లలో కొందరికి భయంకరంగానే ఉంటుందని, తిరిగిరానివాళ్ల సంగతి ఎవరికీ తెలియదని నాకు తెలుసు. కొన్నాళ్ల కిందటైతే చెప్పేదాన్ని. చింతగింజలు ఏరుకుంటూ ఊరుకున్నాను.

“ఉండుంటాది,” అన్నారాయన.

అక్క సరేనంది. చెయ్యి కడుక్కుని, చల్లారిన కూర వేడిచేసి, ఆయనకి అన్నం పెట్టింది.

ఆ తర్వాత బావగారు ఆ కథ దుకాణంలో చెప్పలేదు. ఎవరైనా అడిగితే గుర్తులేదనేవారు, కొల్నార వ్యాపారి బాగా నొచ్చుకున్నాడు. ఖాళీ అయిన చోటుని అత్తగారు ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండనివ్వలేదు. సాయంత్రాలు అరుగు మీద కుర్చీ వేయించుకుని, ఎర్రమట్టి దారి దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. ఈ మధ్య ఆ గుమస్తా కళ్లజోడు కూడా పెట్టుకుంటున్నాడు.